దోషి చేతిలో చిల్లిగవ్వ లేకపోతే బాధితుడికి ఎవరిస్తారు?

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న అంతర్జాతీయ నేర న్యాయస్థానం యుద్ధనేరాలకు, జాతి నిర్మూలనకు, మానవాళిపై నేరాలకు పాల్పడిన వ్యక్తులను విచారించి శిక్షిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలిసిందే. శిక్ష వేయడంతో అక్కడ కేసు ముగియదన్నది మాత్రం అంతగా ప్రచారంలో లేదు. దోషి జైలుకు వెళ్లాక అదే కేసులో రెండో దశ మొదలవుతుంది. ఆ నేరం వల్ల ఇల్లు కాలిపోయినవారికి, బిడ్డను పోగొట్టుకున్నవారికి, కాలో చెయ్యో పోయినవారికి ఏం ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది న్యాయమూర్తులు ఆ దశలో తేలుస్తారు.

అంతర్జాతీయ న్యాయ చరిత్రలో ఇది కొత్త ఏర్పాటు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు ముందుగానీ, 1990లలో యుగొస్లావియా, రువాండాల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునళ్ల ముందుగానీ బాధితుడు సాక్షి మాత్రమే. వచ్చి చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోవడమే అతని పని. అతనికి నష్టపరిహారం ఇప్పించే అధికారం ఆ కోర్టులకు లేదు. 1998 జూలై 17న రోమ్‌లో ఆమోదించి, 2002 జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చిన రోమ్ శాసనం ఈ లోటు తీర్చింది. ఆస్తి తిరిగి ఇప్పించడం, డబ్బు రూపంలో పరిహారం, వైద్యం, మానసిక చికిత్సతో కూడిన పునరావాసం అనే మూడింటినీ దోషిపై ఆదేశంగా జారీ చేసే అధికారాన్ని 75వ అధికరణం కోర్టుకు ఇచ్చింది. బాధితుల కోసం ఒక ట్రస్టు నిధి ఉండాలని 79వ అధికరణం చెప్పింది. సభ్య దేశాల సభ 2002 సెప్టెంబరులో ఆ నిధిని ఏర్పాటు చేసింది.

ఆదేశం ఎవరి మీద అన్నది మొదట గుర్తుంచుకోవాలి. కోర్టు ప్రభుత్వాన్ని చెల్లించమనదు, దోషిగా తేలిన మనిషినే చెల్లించమంటుంది. భారతీయ పాఠకులకు ఇది కాస్త భిన్నంగా తోచవచ్చు. మన దగ్గర దోషి కట్టే జరిమానా సొమ్ములోంచి పరిహారం ఇప్పించే పద్ధతితో పాటు, రాష్ట్ర ప్రభుత్వమే నిధి పెట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా బాధితులకు ఇచ్చే పథకం కూడా ఉంది. నిందితుడు దొరక్కపోయినా ఆ పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. హేగ్ కోర్టు వెనుక అలాంటి ఖజానా లేదు. రోమ్‌లో ఓటింగ్ జరిగినప్పుడు భారత్ తటస్థంగా ఉండిపోయింది, ఈనాటికీ సభ్యదేశం కాదు. కాబట్టి ఈ ఏర్పాటు సాధకబాధకాలు తెలియాలంటే అది నిజంగా అమలైన చోటికే, ప్రధానంగా ఆఫ్రికాకే వెళ్లాలి. అందుకు మొదటి నుంచి చివరి వరకు చూడదగిన కేసు కాంగోలోని బొగోరోది.

బొగోరో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి ఈశాన్యాన, ఇటురి ప్రాంతంలో ఉన్న గ్రామం. బునియా పట్టణం నుంచి ఆల్బర్ట్ సరస్సు వైపు వెళ్లే దారి మీద ఉంటుంది. ఊళ్లో ఎక్కువమంది హేమా తెగవారు. ఆ తెగ పక్షాన పోరాడే సాయుధ దళం శిబిరం కూడా ఊరి మధ్యలోనే ఉండేది. 2003 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున ఎంగిటి, లెండు తెగల సాయుధులు ఊరి మీద పడ్డారు. శిబిరాన్ని పట్టుకోవడంతో ఆగలేదు. ఇళ్లలోకి చొరబడి సామాన్య జనాన్ని చంపారు, ఇళ్లు తగలబెట్టారు, పశువులను తోలుకుపోయారు. దాడి చేసిన దళాలలో ఒకదానికి నాయకుడైన జెర్మైన్ కటంగాను 2014 మార్చి 7న కోర్టు దోషిగా తేల్చింది. ఆయుధాలు, మందుగుండు అందేలా చూసి నేరానికి తోడ్పడ్డాడన్నది తీర్పు. అతనికి 12 ఏళ్ల శిక్ష పడింది. ఇరుపక్షాలూ అప్పీళ్లు వెనక్కి తీసుకోవడంతో తీర్పు ఖరారైంది.

అయితే ఆ తీర్పులో ఇంకో సగం ఉంది. హత్య, పౌరులపై దాడి, ఆస్తి విధ్వంసం, దోపిడి అనే అభియోగాలు రుజువయ్యాయి. అత్యాచారం, లైంగిక బానిసత్వం, బాలసైనికుల వాడకం అనే అభియోగాల నుంచి కటంగా విముక్తుడయ్యాడు. ఆ నేరాలు బొగోరోలో జరగలేదని కోర్టు అనలేదు. అత్యాచారాలు జరిగాయని నమ్మింది, వాటిలో కటంగా పాత్ర రుజువు కాలేదంది. పరిహారం దశలో దీని ఫలితం కఠినంగా తేలింది. దోషిగా తేలిన నేరాలకు మాత్రమే పరిహారం కోరే వీలుంది. అదే రోజు, అదే ఊళ్లో, అదే గుంపు చేతిలో అత్యాచారానికి గురైన స్త్రీ, తన ఇల్లు కాలిపోయినందుకు పరిహారం అడగవచ్చుగానీ అత్యాచారానికి అడగలేదు. ఈ ఏర్పాటులో అన్నిటికన్నా బాధ కలిగించే పరిమితి ఇదే. న్యాయమూర్తుల మనసు ఎంత మెత్తనిదైనా శాసనం గీసిన గీత దాటడం వారికి కుదరదు.

పరిహారం కోసం 341 మంది దరఖాస్తు పెట్టారు. ప్రతి దరఖాస్తులో మూడు విషయాలు తేలాలి. ఈ మనిషి ఎవరు, ఇతనికి జరిగిన నష్టం ఏమిటి, ఆ నష్టం రుజువైన నేరం వల్లనే జరిగిందా. నేరం రుజువు చేయడానికి సందేహానికి తావులేని సాక్ష్యం కావాలి. పరిహారానికి అంత అక్కర్లేదు. జరగకపోవడం కన్నా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని కనిపిస్తే చాలు. ఈ సడలింపు లేకపోతే ఒక్క దరఖాస్తు కూడా నిలిచేది కాదేమో. పదేళ్ల కిందట కాలి బూడిదైన ఇంటికి పట్టా ఎక్కడి నుంచి వస్తుంది? అడవిలోకి పారిపోతూ చనిపోయిన తల్లికి మరణ ధ్రువపత్రం ఎవరిస్తారు? అందుకే స్థానిక అధికారులు ఇచ్చిన ధ్రువీకరణలను, సాక్షుల వాంగ్మూలాలను కోర్టు పరిశీలనకు తీసుకుంది. ఇంటికి, ఇంట్లో సామానుకు, పశువులకు, పంటకు, ఆత్మీయుల మరణం వల్ల కలిగిన మనోవేదనకు విడివిడిగా విలువ కట్టింది.

2017 మార్చి 24న ఆదేశం వచ్చింది. 297 మంది అర్హులని తేలారు. వాళ్లందరికీ జరిగిన మొత్తం నష్టం 37,52,620 డాలర్లని కోర్టు లెక్కగట్టింది. సగటున మనిషికి సుమారు 12,600 డాలర్లు. కానీ కటంగా ఒక్కడే ఆ నష్టమంతా చేయలేదు, అతనిది తోడ్పడిన పాత్ర. కాబట్టి అతను భరించాల్సిన బాధ్యతను 10 లక్షల డాలర్లుగా కోర్టు నిర్ణయించింది. నష్టం ఎంత అన్నది ఒక లెక్క, అందులో ఈ మనిషి వాటా ఎంత అన్నది ఇంకో లెక్క. మిగతా 27 లక్షల పైచిలుకు డాలర్లకు ఈ కేసులో జవాబుదారీ ఎవరూ లేరు. తోడుగా దాడి చేసిన మరో దళం నాయకుడిగా అభియోగాలు ఎదుర్కొన్న మాథ్యూ ఎంగుజోలో 2012లోనే నిర్దోషిగా విడుదలయ్యాడు.

ఆ 10 లక్షలను ఎలా పంచాలన్నది తర్వాతి ప్రశ్న. కోర్టు రెండు దారులూ పట్టింది. ప్రతి బాధితుడికీ 250 డాలర్లు విడిగా నగదు రూపంలో ఇమ్మంది. ఇది జరిగిన నష్టానికి సరితూగే మొత్తం కాదని, నీకు అన్యాయం జరిగిందని కోర్టు గుర్తించిందనడానికి సంకేతమని ఆదేశంలోనే చెప్పింది. మిగిలిన సొమ్మును సామూహిక పరిహారానికి కేటాయించింది. ఇళ్లకు సాయం, జీవనోపాధికి సాయం, పిల్లల చదువుకు సాయం, మానసిక చికిత్స అందులో నాలుగు అంశాలు. సామూహికం అన్నంత మాత్రాన ఊరంతటికీ ఒక బడి కట్టి వదిలేయడం కాదు. ఆ 297 మంది కోసమే ఉద్దేశించిన సేవలు అవి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి అందాలి.

ఈ నాలుగూ కోర్టు తనంతట తాను ఊహించుకున్నవి కావు. బాధితుల న్యాయవాది వాళ్లను కలిసి ఏం కావాలో అడిగాడు. స్మారక చిహ్నాలు, సంస్మరణ సభలు వద్దని వాళ్లు గట్టిగా చెప్పారు. తెగల మధ్య గొడవలు పూర్తిగా చల్లారని చోట అలాంటివి పాత పగలను మళ్లీ రేపుతాయన్నది వాళ్ల భయం. దూరాన కూర్చుని ఆలోచించేవారికి స్మారక స్తంభమే గొప్ప గౌరవంగా తోచవచ్చు. రోజూ పొరుగు తెగవారితో ఒకే సంతకు వెళ్లాల్సిన వారికి ఇంటి పైకప్పు, పిల్లల బడి ఫీజు ముఖ్యం. కోర్టు ఆ మాటకు విలువ ఇచ్చింది. మొత్తం కేసులో అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదేనని చెప్పవచ్చు.

ఇప్పుడు డబ్బు సంగతి. విచారణ జరిగినంత కాలం కటంగా కోర్టు ఖర్చుతో న్యాయవాదిని పొందిన నిరుపేద నిందితుడు. అతని పేరున ఆస్తి ఏదీ దొరకలేదు. ఇది కటంగా ఒక్కడి పరిస్థితే కాదు. నిందితుల ఆస్తిని స్తంభింపజేయమని సభ్యదేశాలను కోరే అధికారం కోర్టుకు ఉంది. అయితే ఇప్పటివరకు దోషులుగా తేలినవారిలో ఎక్కువమంది చేతులు ఖాళీ. దోషి పేదవాడైనంత మాత్రాన బాధ్యత రద్దు కాదని కోర్టు స్పష్టం చేసింది. కటంగా పేరున 10 లక్షల డాలర్ల బాకీ అలాగే ఉంటుంది, ఎప్పటికైనా అతనికి సొమ్ము సమకూరితే వసూలు చేయవచ్చు. ఈలోగా బాధితులు ఎదురుచూస్తూ కూర్చోకూడదు కాబట్టి ట్రస్టు నిధి రంగంలోకి దిగుతుంది.

ఈ నిధిని అయిదుగురు సభ్యుల బోర్డు నడుపుతుంది. ప్రపంచంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి సభ్యదేశాలు వారిని మూడేళ్లకోసారి ఎన్నుకుంటాయి, వారికి జీతం ఉండదు. నాజీ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడిన ఫ్రెంచి నాయకురాలు సిమోన్ వేల్, కోస్టారికా మాజీ అధ్యక్షుడు ఆస్కార్ అరియాస్ తొలి బోర్డులో ఉన్నారు. రోజువారీ పనులు హేగ్‌లోని సచివాలయం చూస్తుంది. ఆ సిబ్బంది ఖర్చు కోర్టు బడ్జెట్ నుంచే వస్తుంది కాబట్టి దాతలు ఇచ్చిన సొమ్ము జీతాలకు పోదు.

నిధికి డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో రావచ్చు. మొదటిది, దోషుల నుంచి కోర్టు వసూలు చేసిన జరిమానాలు, జప్తు చేసిన ఆస్తి, పరిహారంగా రాబట్టిన మొత్తాలు. రెండోది స్వచ్ఛంద విరాళాలు. మొదటి దారి దాదాపు ఎండిపోయిన కాలువ. వాస్తవంలో నిధి బతుకుతున్నది విరాళాల మీదే, అందులోనూ స్వీడన్, నెదర్లాండ్స్, ఫిన్లాండ్, జర్మనీ, బ్రిటన్ వంటి కొద్ది దేశాలు ఇచ్చే సొమ్ము మీదే. సభ్యత్వ రుసుము కట్టడం సభ్యదేశాలకు తప్పనిసరి. ట్రస్టు నిధికి ఇవ్వడం మాత్రం వాటి ఇష్టం. దోషి దగ్గర డబ్బు లేనప్పుడు తన వద్దనున్న విరాళాల సొమ్ములోంచి ఎంత కలపాలో బోర్డు నిర్ణయిస్తుంది. అలా కలపమని న్యాయమూర్తులు ఆజ్ఞాపించలేరు, కోరగలరు. కటంగా కేసులో 2017 మే నెలలో బోర్డు పూర్తి 10 లక్షల డాలర్లూ సమకూరుస్తామని కోర్టుకు తెలిపింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం ఈ కేసు కోసమే 2 లక్షల యూరోలు ఇచ్చింది, నగదు పరిహారానికి అది అక్కరకు వచ్చింది.

డబ్బు చేతికి వచ్చాక కూడా పని వెంటనే మొదలు కాదు. నిధి ముందుగా అమలు ప్రణాళిక రాసి ధర్మాసనానికి సమర్పిస్తుంది. ఎవరికి ఏ సేవ, ఏ వరుసలో, ఎంత ఖర్చుతో అన్నది అందులో ఉంటుంది. బాధితుల న్యాయవాదులు, దోషి తరఫు న్యాయవాదులు దాని మీద అభిప్రాయం చెబుతారు. ధర్మాసనం ఆమోదించాక నిధి టెండర్ల పద్ధతిలో స్థానిక సంస్థలను ఎంచుకుని పని అప్పగిస్తుంది. ఇటురిలో మళ్లీ మళ్లీ చెలరేగిన హింస దారులు మూసేసింది. బాధితుల్లో కొందరు ఊరు విడిచి వేరే దేశాలకు చేరుకున్నారు, వాళ్లను వెతికి పట్టుకోవాలి. కటంగా కేసులో పరిహారం అమలు పూర్తయినట్టు 2024లో ప్రకటించారు. దాడి జరిగి అప్పటికి 21 ఏళ్లు.

ఆలస్యానికి కొంత కారణం కోర్టు పద్ధతిలోనే ఉంది. 341 దరఖాస్తులను ఒక్కొక్కటిగా పరిశీలించడం కాలయాపనకు దారితీసిందని 2018 మార్చిలో అప్పీలు ధర్మాసనమే తప్పుబట్టింది. అదే తీర్పులో మరో చిక్కుముడి కూడా కనిపిస్తుంది. దాడి తర్వాత పుట్టిన అయిదుగురు, తమ తల్లిదండ్రుల గాయం తమను కూడా వెంటాడుతోందని పరిహారం కోరారు. వారి దరఖాస్తులను మళ్లీ చూడమని అప్పీలు ధర్మాసనం పంపింది. దాడికీ ఆ పిల్లల బాధకూ సంబంధం రుజువు కాలేదని విచారణ ధర్మాసనం అదే ఏడాది జూలైలో తోసిపుచ్చింది. నష్టం తరం దాటగలదన్న వాదనను కోర్టు కొట్టేయలేదు, ఈ అయిదుగురి విషయంలో సాక్ష్యం చాలలేదంది.

బాధితుల సంఖ్య వేలల్లో ఉన్నప్పుడు బొగోరో పద్ధతి అసలే నడవదు. బాలసైనికులను చేర్చుకున్నందుకు దోషిగా తేలిన థామస్ లుబాంగా కేసులో న్యాయమూర్తులు వేరే దారి పట్టారు. 2017 డిసెంబరులో 425 మందిని అర్హులుగా గుర్తించి, వాళ్లను నమూనాగా తీసుకుని, వాళ్లలాంటివారు ఇంకా వందలు, బహుశా వేలమంది ఉన్నారని నిర్ధారించారు. ఒక్కొక్కరి నష్టం 8,000 డాలర్లుగా కట్టి ఆ 425 మందికి 34 లక్షలు, ఇంకా బయటికి రాని వారి కోసం 66 లక్షలు, మొత్తం కోటి డాలర్ల బాధ్యత విధించారు. ఇక్కడ నగదు పంపిణీ లేదు, సేవల రూపంలోనే పరిహారం. మిగతావారు తర్వాత ఒక్కొక్కరుగా పేర్లు నమోదు చేసుకుంటూ వచ్చారు.

ట్రస్టు నిధికి ఇంకో పని కూడా ఉంది. అత్యాచార బాధితురాలి విషయంలో చూసిన ఖాళీని పూడ్చడానికి ఉపయోగపడేది అదే. శిక్షతో, కోర్టు ఆదేశంతో సంబంధం లేకుండా, కోర్టు దర్యాప్తు చేస్తున్న ప్రాంతంలోని బాధితులకు విరాళాల సొమ్ముతో నేరుగా సాయం చేయవచ్చు. బోర్డు తన ఆలోచనను సంబంధిత ధర్మాసనానికి తెలియజేస్తుంది. నడుస్తున్న కేసుపై ముందే తీర్పు చెప్పినట్టు అవుతుందా, నిందితుడి హక్కులకు భంగమా అన్నది మాత్రమే ధర్మాసనం చూస్తుంది. 45 రోజుల్లో అభ్యంతరం రాకపోతే పని మొదలుపెట్టవచ్చు. 2008 నుంచి ఉత్తర ఉగాండాలో, తూర్పు కాంగోలో ఈ సాయం అందుతోంది. పెదవులు, ముక్కు కోయించుకున్నవారికి శస్త్రచికిత్సలు, కాళ్లు పోయినవారికి కృత్రిమ అవయవాలు, లైంగిక హింస బాధితులకు మానసిక వైద్యం ఈ దారిలోనే వచ్చాయి. ఇక్కడ ఏ అభియోగం రుజువైందని ఎవరూ అడగరు. అయితే ఇది హక్కుగా దక్కేది కాదు, నీపై జరిగిన నేరానికి ఫలానా వ్యక్తి బాధ్యుడని చెప్పే తీర్పూ ఇందులో ఉండదు.

ఈ రెండింటి మధ్య తేడా మధ్య ఆఫ్రికా గణతంత్ర ప్రజలకు చేదు అనుభవంగా తెలిసింది. జాన్ పియర్ బెంబాను 2016లో దోషిగా తేల్చిన కోర్టు, 2018 జూన్ 8న అప్పీలులో నిర్దోషిగా వదిలింది. విచారణలో పాల్గొన్న 5,000 మందికి పైగా బాధితుల పరిహార ప్రక్రియ ఆ రోజుతో ఆగిపోయింది. దోషి లేడు కనుక ఆదేశం లేదు. ట్రస్టు నిధి బోర్డు వెంటనే ఆ దేశంలో సాయం కార్యక్రమం మొదలుపెట్టడానికి 10 లక్షల యూరోలు కేటాయించింది. వారికి మిగిలింది అంతవరకే.

నిధి శక్తికి అసలు పరీక్ష డొమినిక్ ఓంగ్వెన్ కేసు. 2003, 2004 సంవత్సరాల్లో ఉత్తర ఉగాండాలోని పజూలే, ఒడెక్, లుకోడి, అబోక్ అనే నాలుగు నిరాశ్రయ శిబిరాలపై దాడులకు, అపహరణలకు, బలవంతపు పెళ్లిళ్లకు ఇతను దోషి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన ఆదేశం బాధితుల సంఖ్యను 49,772గా అంచనా వేసింది. ఒక్కొక్కరికి సంకేతంగా 750 యూరోలు, పునరావాసానికి కోటిన్నర యూరోలు, ఊళ్లలో స్మారక కార్యక్రమాలకు లక్ష యూరోలు, వెరసి 5 కోట్ల 24 లక్షల 29 వేల యూరోలు. ఓంగ్వెన్ చేతిలో ఏమీ లేదు. కటంగా కేసులోలాగా మొత్తం సొమ్మును ఒక్కసారిగా సమకూర్చే స్థితి నిధికీ లేదు. ఆదేశాన్ని 2025 ఏప్రిల్‌లో అప్పీలు ధర్మాసనం ఖరారు చేసింది.

అందుకే న్యాయమూర్తులు వరుస నిర్ణయించాల్సి వచ్చింది. సొమ్ము వచ్చిన కొద్దీ ముందు వృద్ధులకు, ప్రాణాంతక వ్యాధులతో ఉన్నవారికి, అంగవైకల్యం ఉన్నవారికి ఇవ్వాలి, మిగిలినవారు తర్వాత. 120కి పైగా సభ్యదేశాల్లో ఏవి ఎంత ఇస్తాయన్నదాన్ని బట్టి ఆ వరుస కదులుతుంది. ఆదేశం ఇచ్చే అధికారాన్ని రోమ్‌లో కోర్టుకు అప్పగించిన దేశాలు, దాన్ని చెల్లించే భారాన్ని మాత్రం ఇష్టాయిష్టాలకు వదిలేశాయి. ఈ శాసనంలో సరిదిద్దాల్సిన అసలు లోపం అదే.